అమ్మమ్మ డల్లాస్ ప్రయాణం: వచ్చే తేదీ తెలియకుండా రానుపోను టికెట్ కొన్న అనుభవం

పోయే తేదీ ఖాయం, వచ్చే తేదీ ఎవరికీ తెలియదు. 2025 ఏప్రిల్‌లో హనుమకొండ నుంచి మా అమ్మమ్మను డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మామయ్య దగ్గరికి పంపేటప్పుడు పరిస్థితి ఇదీ. అమ్మమ్మకు 71 ఏళ్లు. పిల్లల ఎండాకాలం సెలవులు మే ఆఖరు నుంచి ఆగస్టు నడిమిదాకా, అన్ని రోజులూ ఆమె అక్కడ ఉండాలన్నది మామయ్య కోరిక. "బతుకమ్మ నాటికి ఇంటికాడ ఉండాలె బిడ్డా" అని అమ్మమ్మ. "ఆరు నెలలు ఉంచుకుంటా" అని మామయ్య. ఇద్దరి మాటకూ నడుమ ఒక నెల తేడా ఉంది. ఆ నెలను టికెట్‌లో ఎట్లా ఇమిడ్చామన్నదే ఇక్కడ రాస్తున్నా.

ముందు తెలుసుకోవాల్సింది టికెట్ గడువు కాదు, ఆమె అక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చన్నది. పాస్‌పోర్టులో పదేళ్ల విజిటర్ వీసా ఉంటే పదేళ్లు ఎప్పుడైనా పోయి దిగొచ్చని అర్థం, ఎన్నాళ్లయినా ఉండొచ్చని కాదు. ఉండే గడువును దిగిన ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ అధికారి వేస్తాడు. దాన్నే ఐ-94 అంటారు. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు, తక్కువ ఇచ్చే అధికారమూ అతనికే ఉంది. ఏప్రిల్ 20న దిగితే అక్టోబరు 19 దాకా అన్నమాట. పాస్‌పోర్టు అంతకంటే ముందే అయిపోయేదుంటే గడువును ఆ తేదీ దగ్గరే ఆపేయొచ్చు కాబట్టి టికెట్ కంటే ముందు పాస్‌పోర్టు ఆఖరు తేదీ చూసుకోవాలి. అమ్మమ్మ పాస్‌పోర్టు 2029 దాకా ఉంది, ఆ చిక్కు లేదు.

అంటే మా లెక్కకు అవతలి గట్టు అక్టోబరు 19. అప్పటికి ఆమె అమెరికా నేల విడిచి ఉండాలి. ఇంటికి చేరే తేదీ వేరు. డల్లాస్‌లో సాయంత్రం ఎక్కితే గల్ఫ్ మీదుగా శంషాబాద్‌లో దిగేసరికి క్యాలెండర్‌లో రెండు రోజులు గడిచిపోతాయి. లెక్క మాత్రం ఎక్కిన రోజుదే.

ట్రావెల్స్‌కు పోయి "ఓపెన్ టికెట్ ఉందా అన్నా" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మేమూ అదే అడిగాం. తిరుగు తేదీ ఖాళీగా వదిలేసి, వచ్చేటప్పుడు ఫోన్ చేసి సీటు వేయించుకునే టికెట్ ఒకప్పటి సంగతి. మామూలు వెబ్‌సైట్లలో ఇప్పుడు అది దొరకదు. ఏదో ఒక తేదీ వేసి కొనాలి, తర్వాత మార్చుకోవాలి. కాబట్టి "తిరుగు తేదీ ఫ్లెక్సిబుల్" అంటే మార్చుకోవచ్చని మాత్రమే. మార్పుకు ఎంత పడుతుంది, ఎంత దూరం దాకా మార్చొచ్చు అన్నవి వేరే ప్రశ్నలు. వెబ్‌సైటులో "ఫ్లెక్స్" అని ఆకుపచ్చ అక్షరాల్లో కనిపించే ఒక్క మాట వెనక మూడు వేరువేరు సంగతులున్నాయి. మార్పు ఫీజు ఒకటి, చార్జీ తేడా రెండోది, టికెట్ లోపల రాసి ఉండే గరిష్ఠ గడువు మూడోది. జనం మొదటిది చూసి కొంటారు, డబ్బు పోయేది మిగతా రెంటి దగ్గర.

రెండు వన్‌వేలు కొంటే పోలేదా అని ఇంట్లో ఒక వాదం వచ్చింది. ఇప్పుడు పోవడానికి ఒకటి, వచ్చే తేదీ తేలాక ఇంకొకటి. చూశాం. హైదరాబాద్ నుంచి వన్‌వే 66 వేలు చూపించింది. రానుపోను ధరలో సగం కంటే అది బాగా ఎక్కువ. తిరుగు వన్‌వే డల్లాస్‌లో మొదలయ్యే టికెట్ కాబట్టి దాని ధర డాలర్లలో, అక్కడి రద్దీని బట్టి ఉంటుంది. అక్కడి మనవాళ్లు దీపావళికి, డిసెంబరుకు ఇంటికి వచ్చే రోజుల్లో ఆ ధర ఎక్కడికి పోతుందో ముందుగా చెప్పలేం. పైగా దిగినప్పుడు "ఎప్పుడు వెళ్తారు" అని అధికారి అడిగితే చూపించడానికి పెద్దామె చేతిలో తిరుగు టికెట్ ఉండటం మేలు. రెండు వన్‌వేల ఆలోచన అక్కడితో పక్కన పెట్టాం.

ఫిబ్రవరి నెలాఖరున రానుపోను చూస్తే మూడు రకాలు కనిపించాయి. అన్నీ ఒకే ఆగుడుతో గల్ఫ్ మీదుగా పోయేవే. మొదటిది 92,600. తేదీ మార్పుకు ప్రతిసారీ 15,000 ఫీజు, ఆపైన చార్జీ తేడా. రెండోది 1,08,400. మార్పు ఫీజు లేదు, చార్జీ తేడా ఉంటే కట్టాలి. మూడోది 1,31,000. మార్పు ఫీజూ లేదు, రద్దు చేస్తే చాలావరకు డబ్బు వెనక్కి వస్తుంది. చూడగానే లెక్క తేలికగానే అనిపిస్తుంది. ఒక్కసారి మార్చినా మొదటిది 1,07,600 అవుతుంది, రెండోదానికి దాదాపు సమానం. రెండుసార్లు మారిస్తే రెండోదే చవక. మూడోదానికి కట్టే అదనపు ధర రద్దు కోసం, తేదీ మార్పు కోసం కాదు. ప్రయాణమే అనుమానంలో ఉంటే, ఉదాహరణకు ఆపరేషన్ ఏదైనా పెండింగ్‌లో ఉంటే, దానికి విలువ ఉంది. మాకు ఆ అనుమానం లేదు.

అసలు మెలిక ఈ లెక్కలో ఎక్కడా కనపడలేదు. నక్కలగుట్టలో తెలిసిన ట్రావెల్స్ అన్న తన సిస్టంలో మొదటి టికెట్ ఫేర్ రూల్స్ తెరిచి ఒక వాక్యం మీద వేలు పెట్టాడు:

```
MAXIMUM STAY
TRAVEL FROM LAST STOPOVER MUST COMMENCE NO LATER THAN
4 MONTHS AFTER DEPARTURE FROM FARE ORIGIN.
```

బయలుదేరిన రోజు నుంచి నాలుగు నెలల లోపల తిరుగు ప్రయాణం మొదలవ్వాలి అని దీని అర్థం. లాస్ట్ స్టాపోవర్ అంటే ఆఖరుగా ఆగిన ఊరు, మా లెక్కలో డల్లాస్. ఏప్రిల్ 20న శంషాబాద్‌లో ఎక్కితే ఆగస్టు 20 లోపల డల్లాస్‌లో ఎక్కాలి. 15,000 ఫీజు కట్టినా, చార్జీ తేడా కట్టినా ఆ టికెట్ ఆగస్టు 20 దాటి జరగదు. దాటాలంటే పాత చార్జీని తీసేసి ఎక్కువ గడువున్న చార్జీలోకి మార్చుకోవాలి. అప్పుడు తేడా ఒక్క తిరుగు ప్రయాణానికే కాదు, పోయినదానికీ కలిపి లెక్కగట్టొచ్చు. చవక టికెట్ కొని ఆగస్టులో ముప్పై నలభై వేలు కట్టామని చెప్పేవాళ్ల కథ చాలావరకు ఇదే. వాళ్లు దాన్ని మార్పు ఫీజు అనుకుంటారు. నిజానికి అది గడువు దాటిన ఖరీదు.

ఇంట్లో కూర్చుని వెబ్‌సైటులో కొనేవాళ్లకు ఈ రూల్ కనపడాలంటే డబ్బు కట్టే ముందు వచ్చే ఫేర్ కండిషన్స్ లింకు తెరవాలి. చాలా చోట్ల అది చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్ని బుకింగ్ సైట్లలో అసలు కనిపించదు. అలాంటప్పుడు పట్టుకునే తోవ ఒకటుంది. పోయే తేదీని కదపకుండా తిరుగు తేదీని వారం వారం ముందుకు జరుపుతూ ధర రాసుకోవాలి. మేం చూసినప్పుడు ఆగస్టు 5కు 92 వేలు, 12కు 92, 19కి 93, 26కు 1,09,000, సెప్టెంబరు 2కు 1,08,000, 16కు 1,08,400, 30కి 1,10,000. ఒక రోజు దగ్గర మెట్టు ఎక్కినట్టు ధర పెరిగి, ఆ తర్వాత కిందికి దిగకపోతే అక్కడ గరిష్ఠ గడువు ఉన్నట్టే. అట్లా కాక ఒకటి రెండు వారాలు పెరిగి మళ్లీ తగ్గితే అది పండుగ రద్దీ. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే నాలుగు నెలల టికెట్‌ను "ఆఫర్" అనుకుని కొంటాం. గడువులు ఒక నెల, మూడు నెలలు, నాలుగు, ఆరు, పన్నెండు అని రకరకాలుగా ఉంటాయి. ఆరు నెలలు ఉండబోయే పెద్దవాళ్లకు పన్నెండు నెలలదే తీసుకోవాలి. ఆరు నెలలది చాలు కదా అనిపిస్తుంది గానీ, దాని గడువు బయలుదేరిన రోజు నుంచి, ఐ-94 గడువు దిగిన రోజు నుంచి. రెండూ ఒకే చోట బిగుసుకుంటే జ్వరం వచ్చినా జరపడానికి చోటు ఉండదు.

మేం రెండో రకం తీసుకున్నాం. ఇక మిగిలింది చార్జీ తేడా. ఇది అర్థమైతే మిగతా ప్రయాణమంతా చేతిలో ఉంటుంది.

ఎకానమీ క్యాబిన్‌లో సీట్లన్నీ ఒకటే, భోజనమూ ఒకటే. అమ్మకంలో మాత్రం ఒక్కో సీటుకు ఒక్కో అక్షరం ఉంటుంది. దాన్నే బుకింగ్ క్లాస్ అంటారు. ఈ-టికెట్ మీద ఫ్లైట్ నంబరు పక్కన ఒంటరిగా కనిపించే ఇంగ్లీషు అక్షరం అదే. మా టికెట్‌లో L అని ఉంది. అక్షరాల వరస ఒక్కో కంపెనీకి ఒక్కో రకం, కాబట్టి L అంటే అన్ని చోట్లా చవక అనుకోవద్దు. ఫ్లైటు నిండుతున్న కొద్దీ చవక అక్షరాలు ఒక్కొక్కటే మూసేస్తారు. మార్పు ఫీజు సున్నా అయినా, మనం కోరుకున్న కొత్త తేదీన మన అక్షరం మూసేసి ఉంటే పై అక్షరంలో సీటు తీసుకోవాలి, ఆ తేడా కట్టాలి. అదే అక్షరం తెరిచి ఉంటే చాలావరకు ఏమీ కట్టనక్కర్లేదు. ఎందుకంటే పోయేదారి ప్రయాణం అయిపోయాక తిరుగు తేదీ మారిస్తే చాలా కంపెనీలు టికెట్ కొన్ననాటి చార్జీల పట్టికతోనే పోలుస్తాయి, ఇవాళ్టి ధరతో కాదు. అసలు బయలుదేరకముందే మారిస్తే మాత్రం మొత్తం టికెట్‌ను ఇవాళ్టి ధరలో మళ్లీ కట్టే అవకాశం ఉంది. అందుకే పోకముందు "వచ్చే తేదీ కొంచెం జరుపుదామా" అని గెలకొద్దు, ఆమె దిగాక చూసుకోవచ్చు.

కాబట్టి ఫోన్ చేసినా, ఏజెంటును అడిగినా "అక్టోబరు 7కు మార్చడానికి ఎంత అవుతుంది" అని అడగడం సగం ప్రశ్నే. "అక్టోబరు 5 నుంచి 12 వరకు మా క్లాస్ ఏయే రోజుల్లో ఉంది" అని అడగాలి. జవాబులో రెండు మూడు తేదీలు వస్తాయి, అందులోంచి మనకు కుదిరేది తీసుకోవచ్చు.

మొదటి తిరుగు తేదీ ఎక్కడ వేయాలన్నది తర్వాతి వాదం. అక్టోబరు 18 వేసి అవసరమైతే వెనక్కి జరుపుదామని మామయ్య అన్నాడు. మార్పు ముందుకైనా వెనక్కైనా ఒకటే కదా అని ఆయన లెక్క. కుదరదన్నాం. 2025లో దీపావళి అక్టోబరు 20. దానికి ముందు వారం డల్లాస్ నుంచి ఇటు వచ్చే ఫ్లైట్లలో చవక క్లాసులు ముందే పలచబడతాయి, ఆ తేదీకి మొదటి ధరే 1,24,000 చూపించింది. పైగా ఐ-94 ఆఖరు రోజుకు ఒక రోజు ముందు టికెట్ పెట్టుకుంటే, ఫ్లైట్ రద్దయినా ఒంట్లో బాగాలేకపోయినా మిగిలేది ఒక్క రోజే. సెప్టెంబరు 16, మంగళవారం వేశాం. 18 తెల్లారి శంషాబాద్‌లో దిగుతుంది. ఆ ఏడు ఎంగిలిపూల బతుకమ్మ 21న. అమ్మమ్మ మాట నిలబడుతుంది, అవసరమైతే అక్టోబరు 19 దాకా నెల రోజుల జాగా మిగులుతుంది. ఇమిగ్రేషన్ దగ్గర "ఐదు నెలలు, కొడుకు దగ్గరికి" అని చెప్తే ఆ మాటా టికెట్ మీది తేదీతో సరిపోతుంది.

ట్రావెల్స్ అన్న దగ్గర ఇదే టికెట్ 1,500 తక్కువకు వచ్చేది. అయినా కంపెనీ వెబ్‌సైటులోనే కొన్నాం. ఈ సంగతి అన్నే చెప్పాడు: "నా దగ్గర తీస్కుంటే తేదీ మార్పుకు నా దగ్గరికే రావాలె. మీ మామయ్యకు పొద్దున తొమ్మిదైతే నాకు రాత్రి ఏడున్నర. అప్పటికి నేను షాపు కట్టేస్త." ఏజెంటు దగ్గర కొన్న టికెట్‌ను కంపెనీ కాల్ సెంటర్ ముట్టుకోవడానికి ఇష్టపడదు, ముఖ్యంగా ప్రయాణం మొదలుకాకముందు. తేదీ ఖాయంగా ఉన్న ప్రయాణానికి ఏజెంటు బాగానే పనికొస్తాడు. తేదీ మారే ప్రయాణానికి మాత్రం మార్పు చేయాల్సినవాడి చేతిలోనే బుకింగ్ ఉండాలి. బుకింగ్‌లో మామయ్య అమెరికా నంబరు, నా నంబరు రెండూ వేశాం. అమ్మమ్మ నంబరు ఒక్కటే వేస్తే, ఫ్లైటు టైం మారిందని వచ్చే మెసేజీ సిమ్ ఆగిపోయిన ఫోన్‌కు పోతుంది.

దారి ఎంచుకునేటప్పుడు ఒక్క విషయంలో పట్టుగా ఉన్నాం. అమెరికాలో మొదట దిగే ఎయిర్‌పోర్టు డల్లాసే కావాలి. న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి అక్కడినుంచి దేశం లోపలి ఫ్లైట్ ఎక్కే టికెట్లు ఆరేడు వేలు చవకగా దొరుకుతాయి. కానీ ఇమిగ్రేషన్, సామాను తీసుకోవడం, కస్టమ్స్, మళ్లీ సామాను అప్పగించడం అంతా మొదట దిగిన చోటే చేయాలి. వీల్‌చెయిర్ తోసే మనిషి ఉన్నా రెండు 23 కిలోల సూట్‌కేసులతో 71 ఏళ్ల మనిషికి అది కష్టం. డల్లాస్‌లోనే దిగితే సామాను తీసుకుని బయటికొచ్చాక మామయ్య చేతుల్లో పడుతుంది. గల్ఫ్‌లో ఆగుడు మూడు నుంచి నాలుగు గంటలు ఉన్నది చూశాం. గంటన్నర కనెక్షన్లు కుర్రాళ్లకే. వీల్‌చెయిర్ ప్రయాణికులను ఫ్లైటు నుంచి ఆఖరున దింపుతారు, ఆ అరగంట లెక్కలో ఉంచుకోవాలి.

వీల్‌చెయిర్ అడగడంలోనూ మూడు రకాలున్నాయి. మెట్లెక్కి సీటు దాకా నడవగలిగి, ఎయిర్‌పోర్టులో దూరం నడవలేనివాళ్లకు WCHR. మెట్లు ఎక్కలేరు, విమానం లోపల నడవగలరు అంటే WCHS. అసలు నడవలేనివాళ్లకు WCHC. మోకాళ్ల నొప్పుల వల్ల అమ్మమ్మకు WCHS పెట్టించాం, ఎందుకంటే విమానం దూరంగా ఆగి మెట్ల మీదుగా ఎక్కాల్సి వస్తే WCHR ఉన్నవాళ్లను మెట్లెక్కమంటారు. భోజనానికి AVML, మసాలాతో మన తీరు శాకాహారం.

ఏప్రిల్ 20న అమ్మమ్మ దిగింది. నాలుగు రోజుల తర్వాత మామయ్య i94.cbp.dhs.gov లో పాస్‌పోర్టు నంబరు కొట్టి చూస్తే అక్టోబరు 19 అని పడింది. ఈ పని వాయిదా వేయొద్దు. తక్కువ గడువు వేసినా, తేదీ తప్పు పడినా తెలిసేది ఇక్కడే.

ఆగస్టు రెండో వారంలో మామయ్య కొత్త ఇంటి గృహప్రవేశానికి దసరా రోజు, అంటే అక్టోబరు 2, ఖాయమైంది. "ఈసారి బతుకమ్మ ఈడనే ఆడుకుంటా తియ్, ఇక్కడ కూడా శానామంది ఉన్నరట" అని అమ్మమ్మే తేల్చేసింది. ఇప్పుడు తేదీ మార్చాలి.

మామయ్య వెబ్‌సైటులో బుకింగ్ తెరిచి చేంజ్ ఫ్లైట్ నొక్కి, తిరుగు ప్రయాణం ఒక్కటే ఎంచుకుని తేదీలు మార్చి మార్చి చూశాడు. డబ్బు కట్టే బటన్ నొక్కేదాకా ఏమీ మారదు కాబట్టి దాన్ని ధరల పట్టికలా వాడుకోవచ్చు. అక్టోబరు 4, శనివారం, 9,800. 7, మంగళవారం, సున్నా. 8, బుధవారం, సున్నా. 10, శుక్రవారం, 21,300. 11, శనివారం, 24,600. ఫ్లైటు అదే, సీటు అదే. దీపావళికి ఇంటికి వచ్చేవాళ్లు శుక్ర, శనివారాలు పట్టుకుంటారు, ఆ రోజుల్లో మా క్లాస్ మూసేసి ఉంది. 7వ తేదీ తీసుకున్నాం. రెండు రోజులు ఆగి ఇంట్లో మాట్లాడుకుని చేద్దామనుకుంటే ఆ సున్నా ఉండకపోవచ్చు, క్లాసులు గంటల్లో మూతపడతాయి.

మార్పు ఎప్పటిదాకా చేయొచ్చన్నది కూడా రూల్స్‌లోనే ఉంటుంది. పాత తేదీ ఫ్లైటు బయలుదేరక ముందే చేయాలి. కొన్ని టికెట్లలో 24 గంటల ముందు అని, కొన్నింటిలో 72 అని ఉంటుంది. ఆ గీత దాటి, ఎక్కకుండా ఉండిపోతే నో-షో అంటారు. అప్పుడు తిరుగు టికెట్ విలువలో పెద్ద ముక్క పోతుంది, కొన్నిట్లో పూర్తిగా పోతుంది.

మాకు తప్పు జరిగింది మార్పు తర్వాత. బుకింగ్ తెరిస్తే అక్టోబరు 7 అని చక్కగా కనిపిస్తోంది, పీఎన్ఆర్ అదే. ఈ-టికెట్ మాత్రం మెయిల్‌కు రాలేదు. బుకింగ్ వేరు, టికెట్ వేరు. బుకింగ్ అంటే సీటు పట్టి ఉంచడం, టికెట్ అంటే ఆ సీటుకు డబ్బు ముట్టినట్టు రసీదు. తేదీ మారితే రసీదూ కొత్త తేదీకి మళ్లీ రావాలి. దాన్ని రీఇష్యూ అంటారు. అది జరగకపోతే తెర మీద అంతా సరిగ్గానే ఉంటుంది, చెక్-ఇన్ కౌంటర్ దగ్గర బోర్డింగ్ పాస్ రాదు. గుర్తుపట్టేది టికెట్ నంబరుతో. అది 13 అంకెలు, మొదటి మూడూ కంపెనీ కోడ్. రీఇష్యూ అయితే మామూలుగా కొత్త నంబరు వస్తుంది. కొత్త మెయిల్‌లో నంబరూ, తేదీ రెండూ చూసుకోవాలి. మాకు రెండు రోజులైనా రాకపోతే మామయ్య ఫోన్ చేసి "బుకింగ్ మారింది, టికెట్ రీఇష్యూ కాలేదు" అని ఆ మాటలతోనే చెప్పాడు. పది నిమిషాల్లో మెయిల్ వచ్చింది. "టికెట్ రాలేదు" అని మాత్రమే చెప్తే పాత టికెట్‌నే మళ్లీ పంపిస్తారు.

ఆ కొత్త టికెట్‌లోనూ ఒక లోపం. వీల్‌చెయిర్, భోజనం డల్లాస్ నుంచి గల్ఫ్ దాకా ఉన్నాయి, గల్ఫ్ నుంచి హైదరాబాద్ ముక్కకు ఎగిరిపోయాయి. ఇట్లాంటి కోరికలు ఒక్కో ఫ్లైటుకు విడివిడిగా అతుక్కుని ఉంటాయి. ఫ్లైటు మారితే అవి వెంట రావచ్చు, రాకపోవచ్చు. ప్రతి మార్పు తర్వాతా రెండు ముక్కలకూ విడిగా అడిగి రాయించుకోవాలి. నడవా పక్క సీటు కోసం ముందే కట్టిన 3,200 కూడా పాత ఫ్లైటుతో పోయింది, సీటు మళ్లీ ఎంచుకోవాల్సి వచ్చింది. మారే అవకాశం ఉన్న తిరుగు ప్రయాణానికి సీటు డబ్బులు ముందే కట్టకపోవడమే మంచిది.

టికెట్‌తో పాటు జరపాల్సినవి రెండు ఉన్నాయి, రెండూ మామయ్యే చూసుకున్నాడు. సెప్టెంబరు 16 దాకా తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్సును అది అయిపోకముందే పొడిగించాలి. అయిపోయాక కొత్తది తీసుకుంటే నడుమ వచ్చిన జబ్బు పాత జబ్బు లెక్కలో పడుతుంది. రెండోది బీపీ గోలీలు. సెప్టెంబరుకు సరిపడా తెచ్చుకున్నవి అయిపోతే ఇక్కడి చీటీ అక్కడి మెడికల్ షాపులో చెల్లదు, అక్కడి డాక్టరు రాయాలి.

సెప్టెంబరు 15న ఇంకో మెసేజీ వచ్చింది. కంపెనీ టైం మార్చింది. గల్ఫ్‌లో ఆగుడు మూడు గంటల పది నిమిషాల నుంచి గంటా ఐదు నిమిషాలకు కుదించుకుపోయింది. మెసేజీలో యాక్సెప్ట్ అనే బటన్ ఉంటుంది. అది నొక్కొద్దు. నొక్కితే ఆ కనెక్షన్‌కు మనం ఒప్పుకున్నట్టే. కంపెనీయే టైం మార్చినప్పుడు క్లాస్ మూసేసి ఉన్నా, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ వేరే ఫ్లైటుకు తేడా లేకుండా మార్చడం చాలా కంపెనీల్లో ఉంది. ఫోన్‌లో "షెడ్యూల్ చేంజ్ వల్ల వీల్‌చెయిర్ ప్రయాణికురాలికి కనెక్షన్ సరిపోదు" అని చెప్పాలి, తేదీ మార్చాలని చెప్పొద్దు. ఆ మాట అంటే మామూలు మార్పు లెక్కలోకి పోతుంది. అక్టోబరు 8 ఫ్లైటు, ఆగుడు మూడు గంటల ఇరవై నిమిషాలు, పైసా కట్టకుండా దొరికింది. మళ్లీ కొత్త టికెట్ నంబరు, మళ్లీ రెండు ముక్కలకూ WCHS, AVML.

10వ తేదీ తెల్లవారుజామున దిగింది. తీసుకురావడానికి 9 రాత్రి పదకొండుకు హనుమకొండలో కారు తీశాం. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కితే నగరంలోకి పోకుండా శంషాబాద్ చేరొచ్చు, రాత్రిపూట మూడున్నర గంటలు చాలు. వీల్‌చెయిర్ వాళ్లు ఇమిగ్రేషన్‌లో వేరే వరసలో ముందే బయటికొస్తారు, సామానే ఆలస్యం.

ఆ రాత్రే డల్లాస్ నుంచి వచ్చిన బోర్డింగ్ పాస్ ముక్కను తీసి పాస్‌పోర్టు కవరులో పెట్టాను. వారం తర్వాత మామయ్య i94 సైటులో ట్రావెల్ హిస్టరీ తెరిచి చూస్తే అక్టోబరు 8న డిపార్చర్ అని నమోదై ఉంది. అది పడకపోతే, గడువు దాటి ఉండిపోలేదని తర్వాతి ప్రయాణంలో చూపించడానికి ఆ ముక్కే ఆధారం.